అడ్వాన్స్‌లో ఎంత కోయాలి, దేనికి జీఎస్టీ కట్టాలి?

ప్రశ్న: మాకు గుంటూరులో మూడు షాపులున్నాయి. అద్దెలన్నీ కలిపి ఏడాదికి 20 లక్షలు దాటుతాయి కాబట్టి జీఎస్టీ కడుతున్నాను. ఒక షాపులో ఐదేళ్లు బేకరీ నడిపినతను జూలై 31న ఖాళీ చేశాడు. అద్దె నెలకు 40,000, జీఎస్టీ అదనం. అడ్వాన్స్ 2,40,000. జూలై అద్దె ఇవ్వలేదు. ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలని, లేకపోతే తక్కువైన కాలానికి అద్దె కట్టాలని అగ్రిమెంటులో ఉంది. అతను ఒక్క నెల ముందే చెప్పాడు. షట్టర్ వంగింది, ఓవెన్ ఉన్న చోట టైల్స్ పగిలాయి, చిమ్నీ కోసం వెనక గోడకు బొక్క పెట్టాడు, గోడలకు మసి పట్టింది. వెళ్తూ వెళ్తూ తను వేయించుకున్న ఫాల్స్ సీలింగ్ కూడా పీక్కుపోయాడు. నా లెక్క ఇదీ: అద్దె 40,000, నోటీసు 40,000, కొత్త షట్టర్ 38,000, ఫ్లోరింగ్ మొత్తం మార్చడానికి 48,000, పెయింటింగ్ 30,000, గోడ 6,000, కరెంటు బిల్లు 7,800. పోగా 30,200 ఇస్తానన్నాను. అతను ఒప్పుకోవడం లేదు. పైగా కోసిన ప్రతి రూపాయికీ జీఎస్టీ బిల్లు ఇమ్మంటున్నాడు. ఆగస్టు 16 నుంచి మందుల షాపు వాళ్లు దిగుతున్నారు. నేను ఎంత కోయవచ్చు? దేనికి జీఎస్టీ కట్టాలి? ఇన్‌కమ్ టాక్స్‌లో ఎలా చూపాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు మీ జేబులోంచి పోతున్న 7,200 సంగతి చెప్తాను. జూలై అద్దెకు మీరు 40,000 కోస్తున్నారు. కానీ ఆ నెలకు మీరిచ్చిన ఇన్వాయిస్ 47,200కి ఉండి ఉంటుంది, 40,000 మీద 18 శాతం 7,200 కదా. అతను డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ 7,200 జూలై రిటర్నులో ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే. కాబట్టి డిపాజిట్‌లోంచి కోయాల్సింది 47,200. దీనికి కొత్త బిల్లేమీ అక్కర్లేదు. జూలైలో ఇచ్చిన ఇన్వాయిస్‌కే ఇప్పుడు డిపాజిట్ నుంచి డబ్బు జమ అయినట్టు ఒక రసీదు ఇస్తే చాలు. ఒకవేళ ఎలాగూ వెళ్లిపోతున్నాడు కదా అని జూలై ఇన్వాయిస్ ఇవ్వడం మానేసి ఉంటే మాత్రం వెంటనే ఇవ్వండి. అద్దెను చేతికి తీసుకున్నా, డిపాజిట్‌లో సర్దుకున్నా జీఎస్టీ దృష్టిలో అది అద్దే.

ఇక్కడే ఒక మాట గురించి ఆగాలి. మన దగ్గర అందరం దీన్ని అడ్వాన్స్ అంటాం. మాట్లాడుకోవడానికి ఫరవాలేదు, కాగితం మీద మాత్రం ఆ మాట చిక్కు తెస్తుంది. జీఎస్టీలో అడ్వాన్స్ అంటే ముందుగా పుచ్చుకున్న అద్దె. సేవలకు అలా ముందు తీసుకున్న డబ్బు మీద తీసుకున్న నెలలోనే పన్ను కట్టాలి. డిపాజిట్ అలా కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 2లోని 31వ క్లాజు కింద ఒక మినహాయింపు ఉంది: డిపాజిట్‌గా ఇచ్చిన డబ్బును, యజమాని దాన్ని అద్దె కింద సర్దుకునే వరకు, ఆ సేవకు చెల్లించిన సొమ్ముగా చూడకూడదు. అందుకే ఐదేళ్ల క్రితం 2,40,000 తీసుకున్నప్పుడు మీరు జీఎస్టీ కట్టలేదు, కట్టాల్సిన పనీ లేదు. మీ అగ్రిమెంటులో అడ్వాన్స్ అని రాసి ఉన్నా, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇస్తానని పక్కనే ఉంటే దాన్ని డిపాజిట్‌గానే వాదించుకోవచ్చు. కానీ ఆ వాదన దాకా ఎందుకు వెళ్లాలి? మందుల షాపు వాళ్లతో రాసుకునే అగ్రిమెంటులో, రసీదులో, మీ లెక్కల పుస్తకంలో అన్నిచోట్లా 'తిరిగి ఇవ్వవలసిన సెక్యూరిటీ డిపాజిట్' అనే రాయించండి.

అంటే ఈ ఐదేళ్లూ ఆ 2,40,000 మీ దగ్గర ఉన్న అతని డబ్బు, మీ పుస్తకాల్లో అప్పు. అది జూలై 31న ముక్కలైంది. ప్రతి ముక్కకూ దాని స్వభావం వేరు, పన్ను వేరు. మీ అద్దెదారు అన్నింటికీ జీఎస్టీ బిల్లు అడుగుతున్నాడు. మీరేమో అసలు దేనికీ జీఎస్టీ వేయలేదు. ఇద్దరి లెక్కా సరికాదు.

అద్దె ముక్క తేలింది. నోటీసు ముక్కే అన్నిటికంటే మెలిక ఉన్నది. చాలామంది దీన్ని నష్టపరిహారం అనుకుని జీఎస్టీ వేయరు. 2022 ఆగస్టు 3న వచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో కేంద్రం ఈ తేడా వివరంగా చెప్పింది. అందులో తర్కం ఇలా ఉంటుంది. ఆస్తికి నష్టం జరిగితే దాన్ని పూడ్చడానికి ఇచ్చే డబ్బు ఏ సేవకూ ధర కాదు. నష్టం చేయమని ఎవరూ ఎవరితోనూ బేరం కుదుర్చుకోరు. షాపు అద్దెకిచ్చేటప్పుడు 'నువ్వు గోడ పగలగొట్టుకో, నాకు 6,000 ఇవ్వు' అని మీరు ఒప్పుకున్నారా? లేదు. కాబట్టి గోడ డబ్బుకు జీఎస్టీ లేదు. కానీ గడువుకు ముందే వెళ్లిపోతే ఇంత కట్టి వెళ్లొచ్చు అని అగ్రిమెంటులో రాసుకోవడం బేరమే. డబ్బు కట్టి ముందుగా బయటపడే సౌకర్యాన్ని మీరు అతనికి ఇచ్చారు, అతను వాడుకున్నాడు. లీజును ముందే ముగించినందుకు తీసుకునే డబ్బు మీద పన్ను ఉంటుందని ఆ సర్క్యులర్ విడిగానే చెప్పింది. దాన్ని ఫైన్ అని పిలిచినా, పెనాల్టీ అని పిలిచినా తేడా లేదు. అసలు సేవకు ఎంత రేటో దానికీ అంతే. మీ కేసులో 18 శాతం.

సరే, ఎంత తీసుకోవాలి? అగ్రిమెంటు ప్రకారం ఒక నెల అద్దె, అంటే 40,000, పైన 7,200. అయితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ఒకటి ఉంది. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది ఆ లోపు సమంజసమైన పరిహారం. కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్ మీద, అసలు నష్టమే లేని చోట డబ్బు జప్తు చేసుకోవడం కుదరదని చెప్పింది. ఇది బేరమా, ఒప్పందం తప్పడమా అని మీ ఇద్దరి లాయర్లు వాదించుకోవచ్చు, కానీ మీ షాపు ఖాళీగా ఉండేది ఆగస్టు 1 నుంచి 15 వరకే. 16 తర్వాతి రోజులకు ఇద్దరి దగ్గరా అద్దె తీసుకున్నట్టు కాకుండా చూసుకోవడం మంచిది. నా సలహా, సగం నెలకు ఒప్పుకోండి. 20,000, దాని మీద జీఎస్టీ 3,600, కలిపి 23,600. దీనికి ఆగస్టులో కొత్త ఇన్వాయిస్ ఇవ్వాలి, ఆగస్టు రిటర్నులో చూపాలి. ఒప్పందం కుదిరేటప్పుడు 'జీఎస్టీ అదనం' అనే మాట కాగితం మీద ఉండేలా చూడండి. ఊరికే '20,000కి సెటిల్ అయ్యాం' అని రాసుకుంటే పన్ను ఆ 20,000 లోపలే ఉందంటారు, అప్పుడు మీకు మిగిలేది 16,949.

అతను రెగ్యులర్ స్కీములో ఉంటే ఈ 3,600, ఇంతకు ముందు చెప్పిన 7,200 అతనికి క్రెడిట్‌గా తిరిగి వస్తాయి. బిల్లు అడగడంలో అతని ఉద్దేశం అదే అయ్యుంటుంది, అందులో తప్పేం లేదు. కాంపోజిషన్‌లో ఉంటే మాత్రం క్రెడిట్ రాదు, ఆ భారం అతనిదే.

ఇప్పుడు డ్యామేజీలు. మీ లెక్కలో నాకు కష్టంగా అనిపించింది ఇదే. నిజం చెప్పాలంటే మీరు అతని డబ్బుతో షాపును కొత్తది చేయించుకుంటున్నారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఎం క్లాజు ప్రకారం అద్దెదారు షాపును తను దిగినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, కానీ వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలను వదిలేసి. ఐదేళ్ల వాడకం ఐదేళ్ల వాడకమే. ఒక్కొక్క వస్తువు దగ్గర మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండు. అది అరిగిందా, పాడు చేశాడా? పాడు చేసి ఉంటే, ఆ రోజుకు దానికి మిగిలి ఉన్న విలువ ఎంత?

గోడ బొక్కతో మొదలుపెడదాం, అది తేలిక. చిమ్నీ గొట్టం కోసం ఇటుకలు తీసేశాడు, వెళ్లేటప్పుడు మూయలేదు. గోడకు వయసుతో విలువ తగ్గేదేమీ లేదు, ఇటుక పెట్టి ప్లాస్టరింగ్ చేయాలి, అంతే. మీరు రాసిన 6,000 మేస్త్రీ చెప్పిన ధరే అయితే మొత్తం కోయండి.

షట్టర్ విషయంలో మీరు తొందరపడ్డారు. షట్టర్ వంగిందంటే సాధారణంగా కింది నాలుగైదు పట్టీలో, పక్కన గైడ్ ఛానలో దెబ్బతింటాయి. షట్టర్ పని చేసేవాళ్లు పాడైన పట్టీలు తీసి కొత్తవి ఎక్కిస్తారు. పైన చుట్ట తిరిగే పైపు, స్ప్రింగులు బాగుంటే షట్టర్ మొత్తం మార్చక్కర్లేదు. రిపేరుకు ఎంతవుతుందో ఒకరిని పిలిచి రాయించుకోండి. 6,500 అన్నారనుకుందాం, కోయాల్సింది అదే. కొత్త షట్టరే వేయించాలని మీకుంటే మిగతాది మీరు పెట్టుకోండి.

టైల్స్ దగ్గర కొంచెం ఎక్కువ ఆలోచించాలి. 48,000 అంటే చదరపు అడుగుకు 200 చొప్పున 240 అడుగుల ఫ్లోరు మొత్తానికి వేశారనుకుంటున్నాను. పగిలింది ఓవెన్ కింద, ఒక మూల. అది 60 చదరపు అడుగులు ఉంటుందనుకుందాం, అప్పుడు ఖర్చు 12,000. ఆ టైల్స్ వేసి తొమ్మిదేళ్లయిందనీ, షాపు ఫ్లోరు ఇరవై ఏళ్లు వస్తుందనీ అనుకుంటే ఇంకా మిగిలిన వాడకం పదకొండేళ్లు. ఇరవైలో పదకొండు వంతులంటే 6,600. ఏ చట్టంలోనూ ఈ ఇరవై ఏళ్ల పట్టిక లేదు, ఇది ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవడానికి పనికొచ్చే లెక్క మాత్రమే. మీ టైల్స్ వయసు, పగిలిన చోటు కొలత మీరే వేసి చూసుకోండి. మీరు ఒకటి అడుగుతారని తెలుసు: అదే డిజైన్ ఇప్పుడు దొరకదు, మూలన వేరే రంగు వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది కదా అని. ఇల్లయితే ఆ వాదనకు బలం ఉండేది. మందుల షాపులో ఆ మూల మీదకు ఎలాగూ ర్యాకులు వస్తాయి. ఈ ఒక్క కారణానికి 240 అడుగుల ఫ్లోరు పైకం అడిగితే నిలబడదు.

పెయింటింగ్ 30,000 పూర్తిగా తీసేయండి. అతను దిగినప్పుడు వేయించిన రంగు ఐదేళ్లకు పాతబడుతుంది. అక్కడ బేకరీ కాకుండా పుస్తకాల షాపు ఉన్నా మీరు ఇప్పుడు రంగు వేయించేవాళ్లే. కానీ ఓవెన్ వెనక గోడకు పట్టిన జిడ్డు మసి మామూలు అరుగుదల కాదు. దాన్ని గీకి, కడిగి, ప్రైమర్ కొట్టకుండా కొత్త రంగు నిలవదు. ఆ అదనపు పని ఖర్చు న్యాయంగా అతనిదే. దానికి 4,000 అనుకుందాం. మామూలు గోడలకు రంగు మీది, జిడ్డు గోడను రంగుకు సిద్ధం చేయడం అతనిది.

ఫాల్స్ సీలింగ్ గురించి కోపం పెట్టుకోకండి. అద్దెదారు తను బిగించుకున్నవాటిని తీసుకెళ్లొచ్చని అదే సెక్షన్ 108లో ఉంది. తీసిన తర్వాత షాపు మునుపటిలా ఉండాలి, అంతవరకే. శ్లాబుకు మేకుల బొక్కలు ఉంటే మేస్త్రీ గోడ పని చేసేటప్పుడు అవీ పూడ్చేస్తాడు, దానికి వేరే లెక్క వేయడం చిన్నతనంగా ఉంటుంది.

డ్యామేజీలన్నీ కూడితే 6,000, 6,500, 6,600, 4,000, మొత్తం 23,100. దీని మీద జీఎస్టీ లేదు. అతను అడిగాడని మొహమాటపడి దీనికీ ట్యాక్స్ ఇన్వాయిస్ ఇచ్చేస్తే 4,158 అనవసరంగా కట్టాల్సి వస్తుంది. పన్ను పేరుతో వసూలు చేసిన డబ్బు, అది రావాల్సిన పన్ను కాకపోయినా, ప్రభుత్వానికి కట్టితీరాలి, మీ దగ్గర ఉంచుకోవడానికి లేదు. ఇంకో జాగ్రత్త, ఈ డ్యామేజీ లెక్క కాగితానికి 'డెబిట్ నోట్' అని పేరు పెట్టకండి. జీఎస్టీలో డెబిట్ నోట్ అంటే పాత ఇన్వాయిస్ విలువ పెంచడానికి ఇచ్చే పత్రం. నా దగ్గరికి వచ్చే ఒక షాపుల యజమాని ఇలాగే డెబిట్ నోట్ ఇచ్చి, రిటర్నులో చూపలేదేమని నోటీసు అందుకున్నాడు. అది పరిహారం అని చెప్పుకోవడానికి రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. 'డిపాజిట్ సెటిల్‌మెంట్ లెక్క' అని మామూలు ఉత్తరంలా రాయండి.

రిపేరు చేసినవాళ్లు మీకు జీఎస్టీతో బిల్లు ఇస్తే ఒక చిన్న మెలిక ఉంది. ఆ జీఎస్టీని మీరు క్రెడిట్ తీసుకుంటే అది మీకు ఖర్చు కానట్టే. అప్పుడు అతని దగ్గర కోయాల్సింది పన్ను లేని మొత్తమే. క్రెడిట్ తీసుకోకపోతే బిల్లు మొత్తం కోయొచ్చు. మన మేస్త్రీలు ఎక్కువగా తెల్లకాగితం మీదే రాసిస్తారు కాబట్టి ఈ సమస్య మీకు రాకపోవచ్చు. తెల్లకాగితమైనా తేదీ, పని, కొలత, మొత్తం, సంతకం ఉండాలి.

కరెంటు బిల్లు 7,800 మీ పేరున ఉన్న మీటరుదే అనుకుంటున్నాను. కరెంటు ఖర్చు అద్దెదారే భరించాలని అగ్రిమెంటులో ఉండి, వచ్చిన బిల్లును వచ్చినట్టే, రూపాయి కలపకుండా వసూలు చేస్తే అతని తరఫున మీరు కట్టినట్టు లెక్క, జీఎస్టీ రాదు. యూనిట్‌కు ఇంత అని మీ రేటు మీరు వేసుకుంటే అద్దెతో కలిసిపోతుంది, అప్పుడు 18 శాతం పడుతుంది. ఆఖరి బిల్లు జిరాక్సు సెటిల్‌మెంట్ కాగితానికి జతచేయండి. మీటరు రీడింగును ఖాళీ చేసిన రోజున తీసి ఉంటే ఆగస్టు వాడకం మీద తగాదా ఉండదు. తీయకపోతే ఆ తర్వాతి రోజులది మీ మీద వేసుకోండి, పెద్ద మొత్తమేమీ ఉండదు.

ఇప్పుడు కూడండి. అద్దె 47,200, నోటీసు 23,600, కరెంటు 7,800, డ్యామేజీలు 23,100. మొత్తం కోత 1,01,700. తిరిగి ఇవ్వాల్సింది 1,38,300. మీరు ఇస్తానన్న 30,200కీ దీనికీ లక్షకు పైన తేడా ఉంది. అతను లాయరు దగ్గరికి వెళ్తే ఆ లక్షకు పైన తేడా మీద వడ్డీ కూడా అడుగుతాడు.

అతన్ని ఒకసారి షాపుకు పిలవండి. రిపేర్లు మొదలుపెట్టక ముందే. తాళాలు మీ చేతికి వచ్చి రోజులు గడిచేకొద్దీ 'నేనున్నప్పుడు బాగానే ఉంది' అనే మాటకు బలం పెరుగుతుంది. అతను దిగినప్పటి ఫొటోలు మీ దగ్గర లేకపోతే టైల్స్, షట్టర్ విషయంలో ఆ మాట వస్తుంది. చిమ్నీ బొక్క, ఓవెన్ జిడ్డు మాత్రం ఎవరివో గోడే చెప్తుంది. ఇద్దరూ నిలబడి ఫొటోలు తీసుకోండి, టేపు పెట్టి పగిలిన చోటు కొలవండి, మేస్త్రీని అక్కడికే పిలిపించి ధర చెప్పించండి. తర్వాత ఇలా రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి:

'సెక్యూరిటీ డిపాజిట్ 2,40,000. ఇందులో జూలై నెల అద్దె ఇన్వాయిస్ కింద జీఎస్టీతో కలిపి 47,200. లీజు ముందుగా ముగించినందుకు కుదుర్చుకున్న మొత్తం 20,000, జీఎస్టీ 3,600, ఇన్వాయిస్ విడిగా ఇవ్వబడింది. కరెంటు బిల్లు ఉన్నది ఉన్నట్టు 7,800. షాపుకు జరిగిన నష్టానికి పరిహారం, జతచేసిన అంచనాల ప్రకారం 23,100. ఇవి పోగా 1,38,300 బ్యాంకు ద్వారా చెల్లించడమైనది. ఇకపై ఒకరికొకరు బాకీ లేరు.'

డబ్బును నగదుగా ఇవ్వకండి. డిపాజిట్లను 20,000 లేదా అంతకు మించి నగదుగా తిరిగి ఇవ్వకూడదని ఇన్‌కమ్ టాక్స్ చట్టంలో ఉంది, తప్పితే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. అద్దె డిపాజిట్ దాని కిందికి వస్తుందా అనే వాదనలు నడుస్తాయి, కానీ బ్యాంకులో వేస్తే ఆ వాదనతో మీకు పనే లేదు.

ఇన్‌కమ్ టాక్స్ సంగతి చిన్నదే. డిపాజిట్ తీసుకున్నప్పుడు అది మీ ఆదాయం కాదు, కాబట్టి తిరిగిచ్చే 1,38,300 మీ ఖర్చూ కాదు. అప్పు తీరింది, అంతే. జూలై అద్దె 40,000 అద్దె ఆదాయంలోకి వస్తుంది. దాని మీది 7,200 మీది కాదు, ప్రభుత్వానిది. నోటీసు కింద తీసుకున్న 20,000 కూడా ఆదాయంగా చూపాలి. ఏ శీర్షిక కింద అనేది మీ అగ్రిమెంటు చూసి ఆడిటర్ చెప్పాలి. కరెంటు డబ్బు మీ చేతుల మీదుగా వెళ్లిపోయింది. డ్యామేజీ 23,100 అద్దె కాదు, నష్టం పూడ్చుకోవడానికి వచ్చిన డబ్బు. దాన్ని రిపేరుకు ఖర్చు పెట్టినట్టు బిల్లులు దాచుకోండి. రిపేరు బిల్లులు చూపించి అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చని మాత్రం అనుకోకండి. ఇంటి ఆస్తి ఆదాయంలో రిపేర్లకు నిజంగా ఎంత పెట్టినా, పెట్టకపోయినా 30 శాతం మినహాయింపు అందరికీ ఒకేలా ఇస్తారు, అందులోనే అన్నీ కలిసి ఉంటాయి.

నోటీసు మొత్తం దగ్గరో, టైల్స్ దగ్గరో అతను ఒప్పుకోకపోతే మొత్తం డబ్బు పట్టుకుని కూర్చోవద్దు. తగాదా లేని భాగాన్ని ఈ వారమే అతని ఖాతాలో వేసి, మిగిలిందానికి కారణం రాసి పంపండి. మందుల షాపు వాళ్లు 16న దిగేలోపు ఆ వెనక గోడ కట్టించడం మరిచిపోకండి, ప్లాస్టరింగ్ ఆరకుండా రంగు వేస్తే ఉబ్బి ఊడిపోతుంది.